కుర్చీలన్నీ బల్లలైతే

రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోనులో ఒక ఫొటో దిగింది. పంపినవాడు మా మేనల్లుడు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో స్నేహితులతో కలిసి గది తీసుకొని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. గైడులో ఒక పేజీని ఫొటో తీశాడు. ట్యూబ్‌లైటు వెలుగు పడి కాగితం పైభాగం తెల్లగా మెరుస్తోంది. కుడివైపు అక్షరాలు పుస్తకం మడతలోకి వంగిపోయాయి. పేజీలో నాలుగు బిట్లున్నాయి. ప్రతి బిట్టు పక్కనా పెన్సిలుతో వృత్తాలు గీసి, ఒక జవాబుకు టిక్కు పెట్టాడు. కింద మెసేజ్: "మామయ్యా, నాలుగూ చేశాను. వెనక కీ చూస్తే మూడు తప్పు. కీయే తప్పేమో ఒకసారి చూడవా?"

రీజనింగ్ పేపర్లో వీటిని సిలాజిజం బిట్లంటారు. బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లోనూ, మన రాష్ట్రాల గ్రూప్స్, పోలీసు నియామక పరీక్షల్లోనూ తరచుగా వస్తాయి. రెండో మూడో ప్రకటనలిచ్చి, వాటి కింద రెండు తీర్మానాలిస్తారు. ప్రకటనలు లోకానికి విరుద్ధంగా ఉన్నా నిజమనే అనుకోవాలి. అలా అనుకున్నాక ఏ తీర్మానం తప్పనిసరిగా నిజమవుతుందో చెప్పాలి. మొదటిదా, రెండోదా, రెండూనా, రెండింటిలో ఏదో ఒకటా, రెండూ కావా అన్నవి జవాబులు. మొత్తం బరువంతా "తప్పనిసరిగా" అన్న మాట మీదే ఉంటుంది. మావాడు మూడు బిట్లు తప్పింది కూడా అక్కడేనని నాకు మొదట అనిపించింది. రెండింటి విషయంలో అది నిజమే. మూడోది వేరే కథ.

మొదటి బిట్టు ఇది. ప్రకటనలు: అన్ని కుర్చీలు బల్లలు. కొన్ని బల్లలు గొడుగులు. మొదటి తీర్మానం: కొన్ని కుర్చీలు గొడుగులు. రెండో తీర్మానం: ఏ కుర్చీ గొడుగు కాదు.

మావాడు బల్ల అని పెద్ద వృత్తం గీసి, దాని లోపల ఎడమవైపు కుర్చీ అని చిన్న వృత్తం పెట్టాడు. గొడుగు వృత్తాన్ని కుడివైపు నుంచి తెచ్చి బల్లను కొద్దిగా కోశాడు. అది కుర్చీ దాకా రాలేదు. బొమ్మలో కుర్చీకీ గొడుగుకీ సంబంధం కనిపించలేదు కాబట్టి రెండో తీర్మానానికి టిక్కు పెట్టాడు. అదే గదిలో ఉండే అతని స్నేహితుడు గొడుగు వృత్తాన్ని ఇంకాస్త లోపలికి లాగి కుర్చీని కూడా కోయించి, మొదటి తీర్మానానికి టిక్కు పెట్టాడట. ఇద్దరి బొమ్మలూ ప్రకటనలకు సరిపోతాయి. ఇద్దరి జవాబులూ తప్పే.

ఇలా ఒక వృత్తాన్ని ఇంకోదాని లోపలో, బయటో, అడ్డంగానో గీసే పద్ధతికి ప్రచారం తెచ్చినవాడు గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్. ఒక జర్మన్ రాకుమారికి పాఠాలుగా రాసిన ఉత్తరాల్లో ఈ వృత్తాలు వాడాడు. ఆ ఉత్తరాలు 1768 నుంచి పుస్తకంగా వచ్చాయి. మన గైడుల్లో వెన్ చిత్రాలని పేరు పెట్టి గీసేవి చాలావరకు ఆయిలర్ బొమ్మలే. వాటితో చిక్కేమిటంటే, గీసేవాడు ప్రకటనలో లేని సంగతి కూడా ఏదో ఒకటి గీసి తీరాలి. కుర్చీకీ గొడుగుకీ ఏ సంబంధం ఉందో ప్రశ్న చెప్పలేదు. కానీ కాగితం మీద ఆ రెండు వృత్తాలూ తగలాలి, లేదా తగలకుండా ఉండాలి. తగిలీ తగలకుండా గీయడం కుదరదు. చెయ్యి ఎటు పోతే అటు జవాబు పోతుంది.

ఆయిలర్ పద్ధతిలోనే చేయాలంటే కుదిరే బొమ్మలన్నీ గీయాలి. గొడుగు బల్ల లోపలే ఉండొచ్చు, కుర్చీని మొత్తంగా మింగొచ్చు, బల్లనే మింగొచ్చు. అన్ని బొమ్మల్లోనూ నిలిచిన తీర్మానమే అనుసరిస్తుంది. పరీక్షలో ఒక బిట్టుకు నిమిషం కూడా దొరకదు. అన్ని బొమ్మలూ గీసే తీరిక ఎవరికీ ఉండదు కనుక పిల్లలు ఒక్కటి గీసి ఊరుకుంటారు.

ఈ ఇబ్బందికే జాన్ వెన్ ఉపాయం చెప్పాడు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో తర్కం బోధించిన ఈయన 1880లో ఒక వ్యాసంలో, మరుసటి ఏడాది ఒక పుస్తకంలో తన పద్ధతిని వివరించాడు. వృత్తాలను సంబంధాన్ని బట్టి గీయవద్దన్నాడు. ఎప్పుడూ ఒకే బొమ్మ గీయాలి. మూడు వృత్తాలూ ఒకదాన్నొకటి కోసుకునేలా ముందే వేసేసి, ప్రకటన ఏ గదిని ఖాళీ చేస్తుందో ఆ గదిని కొట్టేయాలి. బొమ్మ మారదు, అందులోని గుర్తులే మారతాయి. చెప్పని సంగతిని చెప్పకుండా వదిలేసే సౌకర్యం ఇందులో ఉంది.

మూడు వృత్తాలు అలా కోసుకుంటే లోపల ఏడు గదులు ఏర్పడతాయి. ఒక్కొక్క వృత్తానికే చెందినవి మూడు, రెండేసి వృత్తాలు కలిసినచోట మూడు, మూడూ కలిసిన నడిమి గది ఒకటి. బయటి ఖాళీ ఎనిమిదోది. ఏదైనా ఒక వస్తువు కుర్చీ అవునా కాదా, బల్ల అవునా కాదా, గొడుగు అవునా కాదా అని మూడు ప్రశ్నలడిగితే ఎనిమిది రకాల జవాబులొస్తాయి కదా, ఒక్కో రకానికి ఒక్కో గది.

ఇప్పుడు బిట్టు చేద్దాం. "అన్ని కుర్చీలు బల్లలు" అంటే బల్ల కాని కుర్చీ లేదని. కుర్చీ వృత్తంలో బల్ల బయట ఉన్న గదులు రెండు: కుర్చీ మాత్రమే అయినది, కుర్చీ అయి గొడుగు కూడా అయినది. రెండింటినీ గీతలతో కొట్టేయండి. గమనించండి, ఈ ప్రకటనలో గొడుగు ఊసే లేదు. అయినా గొడుగుకు సంబంధించిన ఒక గది కూడా పోయింది. మొదటిసారి చేసేవాళ్లు ఈ రెండో గదిని మరచిపోతారు.

తర్వాత "కొన్ని బల్లలు గొడుగులు". బల్ల, గొడుగు కలిసినచోట కనీసం ఒక వస్తువైనా ఉందని దీని అర్థం. అక్కడ ఇంటూ గుర్తు పెట్టాలి. కానీ బల్ల, గొడుగు కలిసినచోట గదులు రెండున్నాయి. ఒకటి కుర్చీ లోపల, ఇంకోటి కుర్చీ బయట. రెండూ కొట్టేయకుండానే ఉన్నాయి. ఇంటూ ఏ గదిలో పెట్టాలి? ప్రకటన చెప్పలేదు కాబట్టి ఏ గదిలోనూ పెట్టకూడదు. రెండు గదుల మధ్య ఉన్న కుర్చీ గీత మీదే పెట్టాలి. ఇటుందో అటుందో తెలియదని ఆ గుర్తు అర్థం. వెన్ మొదట్లో ఖాళీ గదులను కొట్టేయడం మీదే దృష్టి పెట్టాడు. "ఉంది" అని చెప్పడానికి గుర్తునూ, "ఇక్కడో అక్కడో" అని చెప్పడానికి గుర్తులను కలిపే గీతనూ వాడి ఈ బొమ్మకు బలం పెంచినవాడు అమెరికా తార్కికుడు చార్లెస్ పియర్స్.

గీత మీద ఇంటూ కనిపించగానే సగం పని అయినట్టే. "కొన్ని కుర్చీలు గొడుగులు" కావాలంటే ఇంటూ కుర్చీ లోపల ఉండాలి. అది గీత మీద ఉంది, కాబట్టి ఖాయం కాదు. "ఏ కుర్చీ గొడుగు కాదు" కావాలంటే కుర్చీ, గొడుగు కలిసిన గదులు రెండూ కొట్టేసి ఉండాలి. ఒకటే కొట్టేశాం, కాబట్టి అదీ ఖాయం కాదు. విడివిడిగా రెండూ నిలవవు. కానీ నడిమి గదిని చూడండి. అందులో ఏదో ఒకటి ఉండాలి, లేదా ఏమీ ఉండకూడదు. ఉంటే మొదటి తీర్మానం నిజం, లేకపోతే రెండోది నిజం. మూడో దారి లేదు. అందుకే కీలో "ఒకటో రెండో ఏదో ఒకటి" అని ఇచ్చారు. కోచింగు భాషలో ఇదే "ఐదర్ ఆర్".

ఈ ఐదర్ ఆర్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. తీర్మానాలు "అన్ని కుర్చీలు గొడుగులు", "ఏ కుర్చీ గొడుగు కాదు" అని ఇచ్చి ఉంటే చాలామంది దాన్నీ ఐదర్ ఆర్ అనేస్తారు. రెండూ ఎదురుబొదురుగా వినిపిస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ కొన్ని కుర్చీలు గొడుగులై, కొన్ని కాకపోతే ఆ రెండు తీర్మానాలూ ఒకేసారి అబద్ధమవుతాయి. అప్పుడు జవాబు "రెండూ అనుసరించవు". కాబట్టి ఐదర్ ఆర్ పెట్టేముందు రెండూ కలిసి అబద్ధం కాగలవా అని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కాగలిగితే అది ఐదర్ ఆర్ కాదు.

రెండో బిట్టు. ప్రకటనలు: కొన్ని పుస్తకాలు సంచులు. ఏ పెన్నూ పుస్తకం కాదు. మొదటి తీర్మానం: కొన్ని సంచులు పెన్నులు కావు. రెండోది: కొన్ని పెన్నులు సంచులు కావు. మావాడు రెండూ అనుసరిస్తాయని పెట్టాడు. కీ మాత్రం మొదటిదే అంటోంది.

ఇక్కడ ప్రకటనలను ఇచ్చిన వరుసలో గీస్తే పని పాడవుతుంది. ముందు ఇంటూ పెట్టబోతే పుస్తకం, సంచి కలిసినచోట మళ్లీ రెండు గదులు కనిపిస్తాయి, గీత మీద పెట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత కొట్టివేతకు వస్తే గుర్తును జరపాలి, తొందరలో అది జరపడం మరచిపోతాం. అందుకే ఏ వరుసలో ఇచ్చినా కొట్టివేతలు ముందు, ఇంటూలు తర్వాత. "అన్ని", "ఏ" అని మొదలయ్యే వాక్యాలు గదులను ఖాళీ చేసేవి. "కొన్ని" అని మొదలయ్యేవి ఇంటూ పెట్టేవి.

కాబట్టి ముందు పెన్ను, పుస్తకం కలిసిన రెండు గదులనూ కొట్టేద్దాం. ఇప్పుడు పుస్తకం, సంచి కలిసినచోటికి వస్తే, పెన్ను లోపలి గది అప్పటికే పోయింది. మిగిలింది పెన్ను బయట ఉన్న గది ఒక్కటే. ఇంటూకు వేరే చోటు లేదు, అక్కడే గట్టిగా కూర్చుంటుంది. అంటే ఒక సంచి ఉంది, అది పెన్ను కాదు. మొదటి తీర్మానం ఖాయం. రెండో తీర్మానానికి పెన్ను వృత్తంలో, సంచి బయట ఇంటూ కావాలి. అక్కడేమీ లేదు. పెన్నులన్నీ సంచులైనా ఈ ప్రకటనలకు ఏ నష్టమూ లేదు.

మావాడు "సంచులు పెన్నులు కాకపోతే పెన్నులు సంచులు కావుగా" అనుకొని తిరగేశాడు. "ఏ పెన్నూ పుస్తకం కాదు" అన్నదాన్ని తిరగేయొచ్చు, "కొన్ని పుస్తకాలు సంచులు" అన్నదాన్నీ తిరగేయొచ్చు. బొమ్మలో ఆ రెండూ కలిసిన చోటునే తాకుతాయి, ఎటునుంచి చదివినా ఒకటే. "కొన్ని కావు" అన్నదాన్ని మాత్రం తిరగేయకూడదు. "అన్నీ" అన్నదాన్నీ అంతే. ఈ చివరి సంగతి మన తర్కశాస్త్రంలో ఎంతో ముచ్చటైన ఉదాహరణతో ఉంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రదేశపు పండితుడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నది ఆ శాస్త్రంలో అందరికీ తెలిసిన సూత్రం. కొండ మీద పొగ చూసి నిప్పుందని చెప్పొచ్చు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాల్చిన ఇనుప గుండును చూడమంటుంది శాస్త్రం. నిప్పు ఉంది, పొగ లేదు. పొగ వృత్తం నిప్పు వృత్తంలో ఇమిడింది, నిప్పు పొగలో ఇమడలేదు. మేనల్లుడికి ఇనుప గుండు సంగతి చెప్పాక తిరగేయడం గురించి మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఈ తిరగేత "మాత్రమే" అన్న మాట దగ్గర కూడా దొంగచాటుగా వస్తుంది. "విద్యార్థులు మాత్రమే ఆటగాళ్లు" అంటే విద్యార్థులంతా ఆటగాళ్లని కాదు, ఆటగాళ్లంతా విద్యార్థులని. కొట్టేయాల్సింది విద్యార్థుల బయట ఉన్న ఆటగాళ్ల గదులను. ఇక బ్యాంకు పరీక్షల్లో వచ్చే "కొన్ని మాత్రమే" వేరు. దానికి కొన్ని అవుననీ, కొన్ని కాదనీ రెండర్థాలూ ఉంటాయి కాబట్టి రెండు ఇంటూలు పెట్టాలి. "అయ్యే అవకాశం ఉంది" అన్న తీర్మానాలు ఇంకా తేలిక. ఆ అవకాశానికి కావాల్సిన గది కొట్టేయకుండా మిగిలి ఉండి, ప్రకటనలకు అడ్డం రాకపోతే చాలు.

తెలుగులో చదివేవాళ్లకు ఇంకో గొడవ ఉంది. "మెరిసేదంతా బంగారం కాదు" అంటాం. మెరిసే ఏ వస్తువూ బంగారం కాదని ఎవరూ అర్థం చేసుకోరు. మెరిసేవాటిలో కొన్ని బంగారం కావని మన భావం. అలాగే "అన్ని పెన్నులు పుస్తకాలు కావు" అన్న వాక్యం కనిపిస్తే తెలుగు నుడికారం ప్రకారం "కొన్ని కావు" అనే తీసుకోవాలి. అంటే పెన్నులో, పుస్తకం బయట ఒక ఇంటూ. కానీ ఇంగ్లిషులో "నో" అని మొదలైన వాక్యాన్ని కొందరు అనువాదకులు ఇలాగే రాసేస్తారు. అప్పుడు పెట్టాల్సింది ఇంటూ కాదు, కొట్టివేత. ఒకే తెలుగు వాక్యానికి రెండు బొమ్మలు. ప్రశ్నపత్రం రెండు భాషల్లోనూ ఉంటే ఈ ఒక్క వాక్యం కోసమైనా కళ్లు పక్కనున్న ఇంగ్లిషు వైపు తిప్పాలి. "ఏ పెన్నూ పుస్తకం కాదు" అని రాస్తే ఈ బాధ ఉండదు. ప్రశ్నలు తెలుగులోకి మార్చేవాళ్లు ఈ చిన్న జాగ్రత్త తీసుకుంటే ఎందరి మార్కులో నిలబడతాయి.

నాలుగో బిట్టు మావాడు సరిగ్గానే చేశాడు కానీ దాని మీద గదిలో పెద్ద వాదమే నడిచిందట. ప్రకటనలు: అన్ని నదులు కొండలు. అన్ని కొండలు రోడ్లు. మొదటి తీర్మానం: అన్ని నదులు రోడ్లు. రెండోది: కొన్ని రోడ్లు నదులు. మావాడు రెండూ అన్నాడు, కీ కూడా రెండూ అంది. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన స్నేహితుడు మాత్రం రెండోది అనుసరించదని పట్టుపట్టాడు.

ఆ అబ్బాయి వాదంలో పస ఉంది. రెండు ప్రకటనలూ "అన్ని" తోనే మొదలయ్యాయి, కాబట్టి బొమ్మలో కొట్టివేతలే ఉన్నాయి, ఒక్క ఇంటూ లేదు. నది వృత్తంలో మిగిలిన గది నడిమిది ఒక్కటే. అది ఖాళీగా లేదని ఎవరు చెప్పారు? "నా బీరువాలోని నోట్లన్నీ ఐదు వందలవే" అని ఒకడన్నాడనుకోండి. బీరువాలో నోట్లే లేకపోతే ఆ మాటను అబద్ధమని పట్టుకోలేం. వేరే విలువ గల నోటు అందులోంచి తీసి చూపించడం కుదరదు కదా. వెన్ నాటి నుంచి వచ్చిన ఆధునిక తర్కం "అన్ని" అన్న వాక్యాన్ని ఇలాగే తీసుకుంటుంది. లేని గదులను చెప్తుంది కానీ ఉన్నవాటిని గురించి హామీ ఇవ్వదు.

అరిస్టాటిల్ నాటి పాత తర్కం అలా కాదు. మాట్లాడుతున్న వస్తువు ఉందనే అనుకొని మాట్లాడుతుంది. మన పోటీ పరీక్షలు ఈ పాత పద్ధతినే పాటిస్తాయి. నదులు, కొండలు, రోడ్లు అని పేరు చెప్పగానే కనీసం ఒక్కొక్కటి ఉన్నట్టే. కాబట్టి కొట్టివేతలన్నీ అయ్యాక ఏ వృత్తంలోనైనా ఒకే ఒక్క గది మిగిలితే అందులో ఇంటూ పెట్టేయాలి. నది వృత్తంలో నడిమి గదిలో ఇంటూ పడింది, ఆ వస్తువు నదీ, కొండా, రోడ్డూ కూడా. రెండో తీర్మానం నిలిచింది. విశ్వవిద్యాలయంలో తర్కం పరీక్ష రాస్తే స్నేహితుడికి మార్కు వస్తుంది, ఉద్యోగ పరీక్ష రాస్తే మావాడికి వస్తుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు ఆలోచించలేదు. ఆట నియమం వేరు, అంతే. ఈ నియమాన్ని గైడులు మొదటి పేజీలోనే రాయాలి. నేను చూసినవాటిలో చాలావరకు రాయలేదు.

ఇక మూడో బిట్టు. కావాలనే చివరికి ఉంచాను.

ఫొటోలో ఒకే వరుసలో ఇలా ఉంది: "అన్ని పువ్వులు కాయలు. కొన్ని ఆకులు పువ్వులు". కింద మొదటి తీర్మానం: కొన్ని ఆకులు కాయలు. రెండోది: అన్ని కాయలు ఆకులు. పువ్వులో, కాయ బయట ఉన్న రెండు గదులనూ కొట్టేశాను. ఆకు, పువ్వు కలిసినచోట కాయ లోపలి గది ఒక్కటే మిగిలింది, ఇంటూ అందులో పడింది. ఆ ఇంటూ ఆకులోనూ ఉంది, కాయలోనూ ఉంది. మొదటి తీర్మానం ఖాయం. రెండోదానికి ఆధారం లేదు. మావాడి జవాబు కూడా అదే. కీలో మాత్రం "రెండూ అనుసరించవు" అని ఉంది. గైడుల్లో కీ తప్పులు ఉండనివి కావు కనుక ఇది అచ్చుతప్పేనని రాయబోయాను.

పంపేముందు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఇంకోసారి చూశాను. పేజీలో మిగతా వాక్యాలన్నిటికీ చివర చుక్క ఉంది. ఈ వాక్యానికి లేదు. "పువ్వులు" తర్వాత కాగితం మడతలోకి వంగి నీడ పడింది. ఆ నీడలో ఏమైనా ఉందా?

ఇంగ్లిషులో "కాదు" అన్న మాట వాక్యం నడుమ వస్తుంది, మన భాషలో చివర వస్తుంది. అంతేకాదు, "కొన్ని ఆకులు పువ్వులు" అనడానికి మనకు ఇంకే క్రియా అక్కర్లేదు. అది నిండు వాక్యం. కాబట్టి "కావు" అన్న ఒక్క మాట ఫొటో అంచున తెగిపోతే వాక్యం విరిగినట్టు కనిపించదు. అర్థం మాత్రం తలకిందులవుతుంది, చదివేవాడికి అనుమానమే రాదు. "ఏ పెన్నూ పుస్తకం" దగ్గర తెగితే అక్కడ ఏదో పోయిందని ముందున్న "ఏ" చెప్తుంది. "కొన్ని" అలా చెప్పదు. మిగిలే ఆనవాలు చివరి చుక్క ఒక్కటే.

"నాన్నా, పుస్తకం బాగా తెరిచి మూడో బిట్టు ఒక్కటీ మళ్లీ తీసి పంపు" అన్నాను. రెండు నిమిషాల్లో వచ్చింది. స్నేహితుడు రెండు చేతులతో పుస్తకాన్ని అదిమి పట్టుకున్నాడు, బొటనవేళ్లు కూడా ఫొటోలో పడ్డాయి. మడతలో "కావు" అని స్పష్టంగా ఉంది, దాని పక్కన చుక్క కూడా. మావాడు కూడా రాత్రి పడుకొని చదువుతూ, మడత దాకా తెరవకుండానే ఈ బిట్టు చేశాడట.

అప్పుడు బొమ్మ మళ్లీ గీశాం. కొట్టివేతలు అవే. ఇంటూ మాత్రం ఆకులో, పువ్వు బయట పడాలి. అక్కడ గదులు రెండు, ఆకు మాత్రమే అయినది ఒకటి, ఆకూ కాయా అయినది ఇంకోటి. రెండూ ఖాళీ కాలేదు కాబట్టి ఇంటూ కాయ గీత మీద ఆగింది. కొన్ని ఆకులు కాయలన్నది ఖాయం కాదు. అన్ని కాయలు ఆకులన్నదీ ఖాయం కాదు. ఐదర్ ఆర్ అవుతుందా అంటే, ఒక్క ఆకు కూడా కాయ కాకపోతే రెండూ కలిసి అబద్ధమవుతాయి కనుక అదీ కాదు. జవాబు: రెండూ అనుసరించవు. కీ సరిగ్గానే ఉంది.

మీరూ ఇలాంటి పేజీ ఎవరికైనా ఫొటో తీసి పంపేటప్పుడు పైనున్న సూచనలు, జవాబుల వరుస మొత్తం, మడత పక్కనున్న ప్రతి వాక్యం చివరి చుక్క పడేలా తీయండి. చుక్క కనిపించని వాక్యానికి బొమ్మ గీయకండి.